ఒకే కబురు, నాలుగు పొడవులు: కొత్త సరుకు గురించి ఎక్కడ ఎంత రాయాలి

(సొంతంగా సరుకు తయారుచేసి అమ్ముకునే చిన్న వ్యాపారుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. ముందుగా ఒక ప్రశ్న. మీలో ఎంతమంది ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టునే కాపీ చేసి ఫేస్‌బుక్‌లో, లింక్డ్‌ఇన్‌లో, ఎక్స్‌లో పెడుతున్నారు? చేతులెత్తండి, ఏం పర్లేదు. చాలామందే ఉన్నారు. బాగుంది, ఇవాళ్టి మాట మీ కోసమే.

కాపీ చేసి పెడితే ఏమవుతుంది? ఎక్స్‌లో సగంలో ఎర్రగీత పడి పోస్టు వెళ్లదు. అప్పుడు మనం ఏం చేస్తాం? చివరి నుంచి కోసుకుంటూ వస్తాం. చివర ఏముంటుంది? ధర ఉంటుంది, ఎక్కడ దొరుకుతుందో ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది. అంటే కొనేవాడికి కావాల్సినవన్నీ కోసేసి, "ఎంతో ఆనందంగా తెలియజేస్తున్నాం" అనే మొదటి లైను మాత్రం భద్రంగా ఉంచుతాం! నవ్వకండి, రోజూ జరుగుతున్నదే ఇది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. పెద్దది రాసి కోయకండి. చిన్నది రాసి పెంచండి. అది కూడా నాలుగు చోట్ల ఒకేలా పెంచకండి. ఎక్కడ చదివేవాడు ఏం అడుగుతాడో, అక్కడ దానికి జవాబిచ్చేంత పెంచండి. ఎలాగో ఒక సరుకు పట్టుకుని చూద్దాం.

మనది అనంతపురం కదా, వేరుశనగ ఊరు. అందుకని ఉదాహరణకి చెక్క గానుగలో ఆడించిన పల్లీ నూనె తీసుకుంటున్నా. ఊహించుకున్న యూనిట్టే, ఎవరిదీ కాదు. ఆగస్టు 15న అమ్మకం మొదలు. లీటరు సీసా 420 రూపాయలు, 5 లీటర్ల డబ్బా 2,000. వాడింది కదిరి-6 రకం గింజలు. వేరే నూనె కలపలేదు. అనంతపురంలో ఇంటికి తెచ్చిస్తారు, మిగతా ఊళ్లకు కొరియర్. ఆర్డర్ పెట్టడానికి వెబ్ పేజీ ఉంది. ధరలు ఉదాహరణకే సుమా, రేపు నన్ను పట్టుకుని ఆ రేటుకి ఇమ్మనకండి.

క్యాప్షన్ రాయడం మొదలుపెట్టక ముందే ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద వేసుకోండి. వాక్యాలు వద్దు, ఉత్త వివరాలు చాలు. ఏంటి, ఎంత పరిమాణం, ఎంత ధర, ఎప్పటినుంచి, ఎక్కడ, ఎలా కొనాలి. ఈ ఆరూ నాలుగు చోట్లా ఉండాల్సిందే. కదిరి-6, చెక్క గానుగ, రైతుల దగ్గర కొనడం, నూనె తేర్చడం లాంటివి రెండో వరసలో రాసుకోండి. ఈ రెండో వరసలోంచే ఒక్కోచోటికి ఒక్కోటి తీసుకుంటాం. మొదటి వరస మాత్రం ఎక్కడా మారదు. ధర ఒక చోట 420, ఇంకో చోట 399 అని ఉంటే కొనేవాడు ఏమనుకుంటాడు? ఏదో ఒక చోట మోసం ఉందనుకుంటాడు. ఈ కాగితం ఎదురుగా పెట్టుకుని రాస్తే ఆ గొడవ ఉండదు.

ఎక్స్‌తో మొదలుపెడదాం

ముందు ఎక్స్‌కి రాయండి. మీలో ఎక్కువమందికి ఎక్స్‌లో కొనేవాళ్లే ఉండరు, నాకు తెలుసు. అయినా అక్కడికే ముందు రాయండి. ఎందుకంటే అక్కడ మాత్రమే హద్దు నిజంగా గట్టిది. డబ్బు కట్టని ఖాతాకి 280. ఇన్‌స్టాగ్రామ్ 2,200 ఇస్తుంది, లింక్డ్‌ఇన్ 3,000 ఇస్తుంది, ఫేస్‌బుక్ అయితే 63,206 ఇస్తుంది. అవును, అరవై మూడు వేలు. నవల రాసుకోవచ్చు. డబ్బు కట్టే ఖాతాలకు ఎక్స్ కూడా 25,000 దాకా ఇస్తుంది, కానీ ఫీడ్‌లో కనపడేది మొదటి 280 మేరకే. మిగతాది నొక్కి తెరిచినవాళ్లకే.

ఈ 280 ఏమిటి? అక్షరాలా? ఇక్కడే తెలుగులో రాసేవాళ్లు దెబ్బతింటారు. మనం "నూనె" అంటే రెండు అక్షరాలు అనుకుంటాం. కంప్యూటర్‌కి అది నాలుగు. "న" ఒకటి, దీర్ఘం ఒకటి, మళ్లీ "న" ఒకటి, దాని ఎత్వం ఒకటి. గుణింతం గుర్తుకి వేరే లెక్క, ఒత్తుకి వేరే లెక్క. ఒత్తయితే ఇంకా ఖరీదు, ఎందుకంటే పొల్లు ఒకటి, కింద ఒత్తుగా వచ్చే హల్లు ఒకటి. "స్వచ్ఛమైన" అనే మాట చూడండి. కంటికి నాలుగు అక్షరాలు. లెక్కకి తొమ్మిది. "సాంప్రదాయ" ఇంకో తొమ్మిది. ఆ రెండు మాటలకీ మధ్య ఖాళీ కూడా కలిపితే పంతొమ్మిది పోయాయి. అవి చెప్పిందేమిటి? ఏమీ లేదు. ప్రతి నూనె సీసా మీదా ఉండేవే ఆ రెండు మాటలూ.

ఇంకో రెండు మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. లింకు ఎంత పొడుగున్నా, ఎంత పొట్టిగా ఉన్నా ఎక్స్‌లో దానికి 23 లెక్క. కాబట్టి లింకుని పొట్టిచేసే సైట్ల చుట్టూ తిరగక్కర్లేదు, ఒక్కటీ మిగలదు. ఎమోజీకి 2. ఇంకోటి చాలామందికి తెలియదు, మన రూపాయి గుర్తు ₹ కూడా 2 లెక్కే. అయినా అదే వాడండి, "రూ." అని రాస్తే చుక్కతో కలిపి 3 అవుతుంది.

సరే, రాద్దాం. మొదట ఎవరైనా ఇలా రాస్తారు: "అందరికీ నమస్కారం! మా సంస్థ నుంచి స్వచ్ఛమైన, సాంప్రదాయ పద్ధతిలో తయారుచేసిన..." ఇంకా నూనె అనే మాటే రాలేదు. ఇది పక్కన పడేద్దాం. కాగితం మీద మొదటి వరస చూసి రాస్తే ఇలా వస్తుంది:

"చెక్క గానుగ పల్లీ నూనె వచ్చేసింది. కదిరి-6 గింజలు, వేరే నూనె కలపలేదు. లీటరు ₹420, 5 లీటర్ల డబ్బా ₹2,000. ఆగస్టు 15 నుంచి అనంతపురంలో ఇంటికే తెచ్చిస్తాం, మిగతా ఊళ్లకు కొరియర్. ఆర్డర్ ఇక్కడ:"

దీని వెనక లింకు. ఎంతయిందనుకుంటున్నారు? లింకు 23తో కలిపి 213. ఇంకా 67 మిగిలాయి. వాటిని ఏం చేద్దాం? ఏమీ చేయొద్దు! ఖాళీ కనపడగానే హ్యాష్‌ట్యాగులు గుచ్చాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. ఆరు వివరాలూ వచ్చేశాయి, చదివినవాడికి కొనడానికి కావాల్సింది ఉంది.

ఇక్కడ ఒకటి గమనించారా? "కదిరి-6" అని ఒక రెండో వరస వివరం వేశాను. ఎందుకంటే అది చిన్న మాట, లెక్కకి ఏడే. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన రకం అని మన జిల్లా రైతుకి వేరే చెప్పక్కర్లేదు. తక్కువ చోటులో ఎక్కువ చెప్పే మాట అది. ఇలాంటి మాట మీ సరుకులో ఏదో వెతుక్కోండి. చీరలయితే నూలు నంబరు కావచ్చు, పచ్చడయితే మిరప రకం కావచ్చు. "నాణ్యమైన" అనే మాట ఎక్కడ రాస్తారో అక్కడ ఆ పేరు పెట్టండి.

ఇన్‌స్టాగ్రామ్ దగ్గర మడత

ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్. 2,200 ఇచ్చారు కదా అని 2,200 కనపడదు. కొంచెం రాగానే మూడు చుక్కలు, "more". దీన్ని నేను మడత అంటాను. ఎక్కడ మడత పడుతుంది? అందరూ చెప్పే లెక్క సుమారు 125 దగ్గర. కానీ ఫోను తెర వెడల్పుని బట్టి, అక్షరం సైజుని బట్టి మారుతుంది. పెద్దవాళ్లు ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకుంటారు కదా, వాళ్లకి ఇంకా ముందే మడిచేస్తుంది. అందుకని 125 అని గీత గీసుకుని సరిగ్గా అక్కడి దాకా రాయకండి. దానికి సగంలోనే అసలు కబురు అయిపోవాలి.

మనది చూడండి. "ఆగస్టు 15 నుంచి అనంతపురంలో చెక్క గానుగ పల్లీ నూనె. లీటరు ₹420." ఇది 62. ఏ ఫోనులోనైనా మడత పైనే ఉంటుంది. తేదీ, ఊరు, సరుకు, ధర. నొక్కనివాడికి కూడా కబురు అందింది. ఎక్స్‌లో రాసిన వాక్యాన్నే తెచ్చి పెట్టొచ్చు కదా? పెట్టొచ్చు, కానీ చూడండి, అక్కడ ధర రెండు వాక్యాల తర్వాత వస్తుంది, తేదీ, ఊరు ఇంకా కిందికి పోయాయి. ఎక్స్‌లో మొత్తం ఒకేసారి కనపడుతుంది కాబట్టి పర్లేదు. ఇక్కడ మడత ఉంది కాబట్టి వరస మార్చాను. మాటలు అవే, వరస వేరు.

మడత కింద ఏం రాస్తాం? ఇన్‌స్టాగ్రామ్‌లో మనిషి ముందు చూసేది బొమ్మ, వీడియో. క్యాప్షన్ దానికి తోడు. గానుగ తిరుగుతున్న వీడియో పెట్టారనుకోండి, క్యాప్షన్‌లో మళ్లీ "గానుగ తిరుగుతోంది" అని రాయడం దండగ. వీడియోలో కనపడనిది రాయాలి. ఇలాగ:

"వీడియోలో తిరుగుతున్నది మా గానుగే. వేసింది కదిరి-6 గింజలు. ఆడించాక నాలుగు రోజులు కదపకుండా ఉంచి, పైన తేరిన నూనె మాత్రమే సీసాలకు పట్టాం. అడుగున సన్నగా మడ్డి కనపడితే అది గింజదే. పలచటి గుడ్డలో వడగట్టుకోవచ్చు. 5 లీటర్ల డబ్బా ₹2,000. వేరే ఊళ్లకు కొరియర్ ఉంది. ఆర్డర్ లింకు మా ప్రొఫైల్‌లో. లేదంటే నూనె అని మెసేజ్ పెట్టండి."

మడ్డి సంగతి ఎందుకు రాశాను? రిఫైన్డ్ నూనెకి అలవాటుపడ్డవాళ్లు సీసా అడుగున మడ్డి చూసి పాడైందనుకుని వెనక్కి పంపుతారు. ఆ ఫోన్ రాకముందే జవాబు ఇక్కడుంది. ఇలాంటిది క్యాప్షన్‌కి దొరికితే 2,200లో ఓ 400 దాకా వాడుకోవడం న్యాయం. దొరక్కపోతే మొదటి లైను, లింకు ఎక్కడుందో చెప్పే లైను, అంతే. రెండు లైన్ల క్యాప్షన్ పెడితే ఎవరూ ఏమీ అనుకోరు.

లింకు గురించి ఒక మాట. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో లింకు అతికిస్తే అది నొక్కితే తెరుచుకోదు. ఉత్త అక్షరాలుగా పడి ఉంటుంది. అందుకే "ప్రొఫైల్‌లో" అని రాయాలి. ఇప్పుడు ఇదే క్యాప్షన్ కాపీ అయి ఫేస్‌బుక్‌కి వెళ్లిందనుకోండి. అక్కడ "లింకు మా ప్రొఫైల్‌లో ఉంది" అంటే చదివినవాడు ఎక్కడికి పోవాలి? లింకు అక్కడే పెట్టొచ్చు కదా, ప్రొఫైల్‌లో వెతకడమేంటి? ఫేస్‌బుక్‌లో ఈ వాక్యం కనపడితే చాలు, ఇది ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఆటోమేటిక్‌గా వచ్చిపడిందని తెలిసిపోతుంది. రెండు ఖాతాలూ కలిపి పెట్టుకున్నవాళ్లు మెటా బిజినెస్ సూట్‌లో పోస్టు తయారుచేసేటప్పుడు రెండిటికీ వేరువేరుగా రాసుకునే స్విచ్చి ఉంటుంది, అది వేసుకోండి.

లింక్డ్‌ఇన్‌లో చదివేది ఎవరు?

లింక్డ్‌ఇన్. ఇక్కడ చాలామంది ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌నే తెచ్చి కొంచెం గంభీరంగా మారుస్తారు. "మాకు ఎంతో గర్వకారణం" అని మొదలు. ఎవరికి చెప్తున్నాం ఆ గర్వం? ఆలోచించండి, లింక్డ్‌ఇన్‌లో లీటరు నూనె కోసం చూసేవాడు ఉంటాడా? ఉండడు. కానీ నెలకి వంద డబ్బాలు తీసుకునే హోటల్ కొనుగోలు మేనేజరు ఉండొచ్చు. ఆర్గానిక్ దుకాణాల గొలుసు నడిపేవాడు ఉండొచ్చు. మీతో చదువుకుని బెంగళూరులో పనిచేస్తూ, వాళ్ల అపార్ట్‌మెంట్‌కి టోకున తెప్పించగలిగినవాళ్లు ఉండొచ్చు. వాళ్లకి చెప్పాల్సిన మొదటి మాట వేరు.

లింక్డ్‌ఇన్‌లో మడత కంప్యూటర్‌లో సుమారు 200 దాటాక పడుతుంది, ఫోనులో అంతకన్నా ముందే. మన మొదటి రెండు వాక్యాలు ఇవి: "అనంతపురంలో మా గానుగ పల్లీ నూనె అమ్మకాలు ఆగస్టు 15న మొదలు. కిరాణా దుకాణాలకు, హోటళ్లకు సరఫరా చేయగలం." రెండూ కలిపి వంద లోపే. ధర ఏదని అడుగుతారు. ధర ఉంటుంది, మడత కింద. టోకుగా కొనేవాడు ముందు అడిగేది చిల్లర ధర కాదు, నువ్వు ఇవ్వగలవా లేదా, ఎంత ఇవ్వగలవు అని. అందుకే సరఫరా మాట పైకి తెచ్చాను.

కింద ఏముండాలి? నెలకి ఎన్ని లీటర్లు తీయగలరు. కనీస ఆర్డర్ ఎంత. నిలవ గడువు ఎన్ని నెలలు. ఏ ప్యాకింగులు ఉన్నాయి. చిల్లర ధర లీటరు ₹420, డబ్బా ₹2,000. చివర, "శాంపిల్ కావాలంటే మీ ఊరు, దుకాణం పేరు రాసి మెసేజ్ పెట్టండి." ఇంతే. మొత్తం 600, 700 దగ్గర ఆగుతుంది. 3,000 దాకా పోవాల్సిన పని లేదు. కొంతమంది ఇక్కడ తమ ప్రయాణం, కష్టాలు, నాన్నగారు చెప్పిన మాటలు రాస్తారు. రాసుకోండి, తప్పు లేదు, కానీ దాన్ని వేరే రోజు పోస్టు చేయండి. అమ్మకం మొదలైన రోజు కొనేవాడికి వివరం కావాలి.

ఎవరో అడుగుతున్నారు, లింక్డ్‌ఇన్‌లో తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా అని. కొనేవాళ్లు ఎవరో చూసుకోండి. హైదరాబాద్, బెంగళూరు కొనుగోలుదార్లయితే ఇంగ్లిష్‌లోనే రాయండి, మొహమాటం వద్దు. వరస మాత్రం ఇదే ఉంచండి. పైన సరఫరా మాట, కింద లెక్కలు.

ఫేస్‌బుక్, కామెంట్లు

ఇక ఫేస్‌బుక్. నా లెక్కలో మన ఊళ్లలో అమ్ముకునేవాళ్లకి నాలుగిట్లో ఎక్కువ పొడుగు రాయాల్సింది ఇక్కడే. 63 వేలు ఇచ్చారని కాదండి. కామెంట్ల వల్ల. మన పెద్దమ్మలు, బాబాయిలు, పాత ఇరుగుపొరుగు అంతా అక్కడే ఉన్నారు, వాళ్లు నొక్కి ఊరుకోరు, అడుగుతారు. ఏమడుగుతారో మీరే చెప్పండి. "రేటు ఎంత?" పోస్టులో రాసినా అడుగుతారు. "రిఫైన్డ్ నూనె ఇందులో సగానికి కూడా తక్కువకే వస్తుంటే ఇది 420 ఏంటి?" ఇది తప్పకుండా వస్తుంది. "కాగబెడితే నురగ వస్తోంది, కల్తీయా?" ఇది కొన్నాక వస్తుంది. "మా ఊరికి పంపుతారా?" "ఫోన్ నంబరు ఇవ్వండి."

ఈ ఐదు ప్రశ్నలకీ పోస్టులోనే జవాబు రాసేయడమే ఫేస్‌బుక్ పొడవు. అదే కొలత. ఇలా వస్తుంది:

"అనంతపురంలో ఆగస్టు 15 నుంచి చెక్క గానుగ పల్లీ నూనె. లీటరు ₹420, 5 లీటర్ల డబ్బా ₹2,000. 

ధర ఎక్కువ కదా అంటారు. లీటరు నూనె రావడానికి మా గానుగలో దాదాపు రెండున్నర కిలోల గింజలు పడుతున్నాయి. గింజల రేటు మీకు తెలిసిందే, కూలీ, సీసా, కరెంటు కలిపి లెక్క వేసుకోండి. గింజలు కదిరి-6, వేరే నూనె ఏదీ కలపలేదు. 

రిఫైన్ చేయని నూనె కాబట్టి కాగేటప్పుడు కొంచెం నురగ వస్తుంది. మంట తగ్గించి, మూకుడు సగానికి మించకుండా పోసుకోండి. అడుగున మడ్డి ఉంటే వడగట్టుకోండి.

అనంతపురంలో ఇంటికి తెచ్చిస్తాం. మిగతా ఊళ్లకు కొరియర్. ఫోన్ లేదా వాట్సాప్ నంబరు కింద ఉంది, ఆర్డర్ లింకు కూడా."

రెండున్నర కిలోల మాట చూశారా? ఇదే వాక్యం ఎక్స్‌లో పెట్టలేదు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టలేదు. ఎందుకంటే ధర మీద వాదన వచ్చేది ఇక్కడే. మీ సరుకుకి అలాంటి ఒక లెక్క ఉంటుంది. నిజం లెక్క అయి ఉండాలి, మీ గానుగలో మీరు తూచి చూసుకున్నది. ఇంకొకరిది రాస్తే కామెంట్లలో గానుగ తెలిసినవాడు ఎవడో పట్టుకుంటాడు, ఆ కామెంటే పైకి వచ్చి కూర్చుంటుంది.

పొడుగు రాసే చోట ఒక ప్రమాదం ఉంది, అది చెప్పాలి. చోటు ఉంది కదా అని ఆరోగ్యం మాటలు దూరతాయి. "గుండె జబ్బులు రావు", "షుగర్ తగ్గుతుంది." తిండి సరుకు జబ్బుని నయం చేస్తుందని, రాకుండా ఆపుతుందని ప్రచారం చేయడానికి ఆహార భద్రత సంస్థ 2018 నిబంధనలు ఒప్పుకోవు. పోస్టు కూడా ప్రచారమే. "కొలెస్ట్రాల్ లేదు" అని రాస్తారు కొందరు. అసలు ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదండి, పక్క దుకాణంలో రిఫైన్డ్ నూనెలోనూ లేదు. దాన్ని మన గొప్పగా చెప్పుకోవడం ఏంటి? ఎక్స్ కోసం ముందు రాసినప్పుడు ఈ మాటలు రావు, చోటుండదు కాబట్టి. పొడుగు చేసేటప్పుడే వస్తాయి. పోస్టు చేసే ముందు వివరాల కాగితం మళ్లీ చూడండి. కాగితం మీద లేని మాట పోస్టులో ఉంటే, అది ఎక్కడినుంచి వచ్చిందని అడగండి.

ఇంకోటి, లింకు కింద వచ్చే బొమ్మ. ఫేస్‌బుక్‌లో లింకు పెట్టగానే మీ వెబ్ పేజీ నుంచి ఒక బొమ్మ, శీర్షిక తనే తెచ్చుకుంటుంది. ఒకసారి తెచ్చుకున్నది దాచిపెట్టుకుంటుంది కూడా. మీరు పేజీలో ధర మార్చి, బొమ్మ మార్చినా, పోస్టులో పాతదే కనపడుతుంది. అప్పుడు మెటా వాళ్ల షేరింగ్ డీబగ్గర్ అని ఒక పేజీ ఉంది, అందులో మీ లింకు వేసి Scrape Again నొక్కితే కొత్తది తెచ్చుకుంటుంది. లింక్డ్‌ఇన్‌కి కూడా ఇలాంటిదే ఉంది, పోస్ట్ ఇన్‌స్పెక్టర్ అంటారు. అమ్మకం మొదలయ్యే ముందు రోజు సాయంత్రమే ఈ రెండిట్లో లింకు వేసి చూసుకోండి. పోస్టు పెట్టాక చూసుకుంటే అప్పటికే పాత బొమ్మతో పోయి ఉంటుంది.

రాయడం ఒక వరస, పెట్టడం ఇంకో వరస

రాయడం ఎక్స్‌తో మొదలుపెట్టమన్నాను కదా. పెట్టడం మాత్రం ఎక్స్‌లో చివర పెట్టండి. ఎందుకో ఊహించారా? ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, లింక్డ్‌ఇన్‌లో పెట్టాక కూడా మాటలు దిద్దుకోవచ్చు. ఎక్స్‌లో డబ్బు కట్టని ఖాతాకి దిద్దే వీలు లేదు. కట్టినా గంట లోపే. కాబట్టి ముందు ఫేస్‌బుక్‌లో పెట్టండి, పది నిమిషాలు ఆగండి. మన తెలుగువాళ్లు తప్పుంటే పది నిమిషాల్లో చెప్పేస్తారు, దానికి ఖర్చేం లేదు! ఫోన్ నంబరులో అంకె తప్పిందనో, లింకు తెరుచుకోవడం లేదనో తెలుస్తుంది. అక్కడ దిద్ది, ఆ తర్వాత లింక్డ్‌ఇన్, ఇన్‌స్టాగ్రామ్, ఆఖరున ఎక్స్.

ఇన్‌స్టాగ్రామ్‌లో మాటలు దిద్దొచ్చు కానీ పెట్టిన బొమ్మని తీసి ఇంకో బొమ్మ పెట్టలేం. బొమ్మ మీద పెద్ద అక్షరాలతో ₹420 అని వేసి పెట్టారు, నాలుగు రోజుల్లో గింజల రేటు పెరిగి 440 చేశారు. ఇప్పుడు క్యాప్షన్‌లో 440, బొమ్మ మీద 420. అందుకని నా సలహా, మారే అవకాశమున్న ధర బొమ్మ మీద వేయకండి, క్యాప్షన్ మొదటి లైనులో ఉంచండి.

నాలుగిట్లో ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? లైకులు చూసి చెప్పలేం. లింకునే నాలుగు రకాలుగా చేసుకోండి. పేజీ ఒకటే, లింకు చివర ఎక్కడినుంచి వచ్చారో ఒక ముక్క:

```
https://example.com/nune?utm_source=x&utm_campaign=aug15
https://example.com/nune?utm_source=facebook&utm_campaign=aug15
https://example.com/nune?utm_source=linkedin&utm_campaign=aug15
https://example.com/nune?utm_source=instagram&utm_campaign=aug15
```

ఆఖరిది ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో పెట్టేది. మీ వెబ్ పేజీకి గూగుల్ అనలిటిక్స్ ఉంటే ఎక్కడినుంచి ఎంతమంది వచ్చారో విడివిడిగా కనపడుతుంది. లింకు ఇంత పొడుగైంది, ఎక్స్‌లో చోటు తినేస్తుందేమో అని భయపడకండి. చెప్పాను కదా, అక్కడ ఎంత పొడుగైనా 23. కాకపోతే దీనికి ఒక పరిమితి ఉంది. ఫోన్ చేసి, వాట్సాప్ చేసి ఆర్డర్ ఇచ్చినవాళ్లు ఇందులో రారు. ఫేస్‌బుక్ నుంచి మనవాళ్లు చాలామంది ఫోనే చేస్తారు. వాళ్లని "ఎక్కడ చూశారండీ?" అని అడిగి పుస్తకంలో రాసుకోవాల్సిందే.

ఏవైనా ప్రశ్నలున్నాయా? వెనకాల అమ్మా, చెప్పండి. మైక్ ఇవ్వండి.

హ్యాష్‌ట్యాగుల గురించి. ఎన్ని పెట్టాలి అంటున్నారు. కొద్దిగా పెట్టండి, మూడు నాలుగు చాలు. ఊరు పేరు ఒకటి, సరుకు పేరు ఒకటి తప్పకుండా. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ చివర పెట్టండి, మడత కిందకి పోతాయి, మొదటి లైను శుభ్రంగా ఉంటుంది. ఫేస్‌బుక్‌లో అసలు లేకపోయినా నష్టం లేదు. వాక్యం మధ్యలో ప్రతి మాటకీ గుర్తు తగిలించకండి, చదవడానికి అడ్డం.

ఇంకో ప్రశ్న, అన్నా మీరు. ఆ, ధర మారితే ఏం చేయాలి? మంచి ప్రశ్న. ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్, ఇన్‌స్టాగ్రామ్‌లో పాత పోస్టులోకి వెళ్లి ధర దిద్దండి, కింద "ఫలానా తేదీ నుంచి కొత్త ధర" అని ఒక కామెంట్ కూడా పెట్టండి. దిద్దిన సంగతి చెప్పకుండా దిద్దితే, ముందే చూసినవాళ్లు గొడవకి వస్తారు. పాత ధర చూసి అప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లకి పాత ధరకే ఇచ్చేయండి. ఎక్స్‌లో దిద్దే వీలు లేదు కాబట్టి పాత పోస్టు కిందే రిప్లైగా కొత్త ధర రాయండి. దాన్ని ఎవరూ పెద్దగా పంచుకోలేదనుకుంటే, పాతది తీసేసి అదే వాక్యం కొత్త అంకెతో మళ్లీ పెట్టేయడమే తేలిక.